ఇల్లాలి పేరు చెప్పి లోటు లెక్క తప్పు చెప్పకండి

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే మా అత్తయ్య చేతిసంచీ భుజానికి తగిలించుకుని, పోస్టాఫీసు పాస్‌బుక్కు పట్టుకుని హాల్లోకి వచ్చారు. "అమ్మాయ్, ఆటో పిలువు. డబ్బులు తీసేసుకుని వచ్చేద్దాం" అన్నారు.

సంగతేంటంటే, ముందురోజు రాత్రి మా వారి మేనమామగారు చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. కేంద్ర ప్రభుత్వం సంపాదన తక్కువ, ఖర్చు ఎక్కువట. ప్రతి ఏటా లక్షల కోట్లు అప్పు చేస్తోందట. అసలు తీర్చడం మానేసి పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తెస్తోందట. చివర్లో ఒక నీతివాక్యం: "ఇల్లు నడిపే ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది, ఇలాంటి సంసారం దివాలా తీయక తప్పదని!"

అత్తయ్య వయసు అరవై ఎనిమిది. మావయ్యగారు పోయాక వచ్చిన డబ్బులో పది లక్షలు 2023లో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాం. వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 20,500 రూపాయలు ఆవిడ ఖాతాలో పడతాయి. ఆవిడ మందులు, కళ్ళ డాక్టరు ఫీజు, మనవరాలికి పుట్టినరోజు గౌను, అన్నీ అందులోంచే. మా దగ్గర చెయ్యి చాపకుండా బతకడానికి ఆవిడకున్న ఒకే ఒక్క ఆధారం అది. అయిదేళ్ళ గడువుకి ముందే మూసేస్తే, రెండేళ్ళు దాటింది కాబట్టి, అసలులో ఒక శాతం కోస్తారు. అంటే పదివేలు. ఆ మిగిలింది తెచ్చి బీరువాలో పెట్టుకుంటారట!

ఒక వాట్సాప్ ముక్క మా ఇంట్లో చేయబోయిన నష్టం ఇది. అందుకే నాకు ఒళ్ళు మండింది. అందులోనూ ఆ మెసేజ్ మన పేరు చెప్పుకుంది. "ఇల్లాలిని అడగండి" అంది. సరే, నేను ఇల్లాలినే. పెళ్ళికి ముందు బీకాం చదివాను. ఫిబ్రవరిలో బడ్జెట్ రాగానే "బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్" అని ఒక చిన్న పుస్తకం ప్రభుత్వమే నెట్‌లో పెడుతుంది, అది చదవడం నాకు అలవాటు. నన్ను అడిగారు కాబట్టి చెబుతాను.

ముందు ఆ మెసేజ్‌లో ఉన్న నిజమే తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 1న పెట్టిన 2025-26 బడ్జెట్ అంచనాలు చూడండి. లక్ష కోట్లు అంటే మనకి ఊహకి అందదు కదా, అందుకని ప్రతి లక్ష కోట్లనీ వెయ్యి రూపాయలు అనుకుందాం. అప్పుడు కేంద్ర ప్రభుత్వం అనే ఈ ఇంటి ఏడాది ఖర్చు 50,650 రూపాయలు. పన్నులు, ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చే లాభాలు, వాటాలు అమ్మగా వచ్చేవి, పాత బాకీల వసూళ్ళు, అన్నీ కలిపి సొంత రాబడి 34,960. తేడా 15,690. ఈ తేడా పేరే ద్రవ్యలోటు. ఇంతకంటే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఏడాదిలో అప్పు చేసి పూడ్చుకోవాల్సిన మొత్తమే ద్రవ్యలోటు. అప్పు కాని రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఆ రెంటి మధ్య గొయ్యి ఎంత అన్నదే లెక్క.

ఇంకో అంకె కూడా చెప్పాలి. ఆ 50,650 ఖర్చులో పాత అప్పుల మీద వడ్డీయే 12,760. సొంత రాబడిలో వందకి ముప్పై ఆరు రూపాయలు వడ్డీకే పోతోందన్నమాట.

ఇది మన ఇల్లయితే? జీతం ముప్పై అయిదు వేలు, ఖర్చు యాభై వేలు, వడ్డీ పన్నెండు వేలు. ఆ ఇంటికి పిల్లనిస్తామా? ఇవ్వం. మెసేజ్ రాసినాయన అక్కడే ఆగిపోయాడు. అసలు విషయం మొదలయ్యేది అక్కడే.

అత్తయ్యని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగాను. "అత్తయ్యా, ప్రభుత్వం అప్పు చేసింది సరే, ఎవరి దగ్గర చేసింది?"

"ఎవరి దగ్గరంటే... ప్రపంచ బ్యాంకు దగ్గర, అమెరికా దగ్గర" అన్నారు.

"కాదు. మీ దగ్గర."

ఆవిడ నా మొహం చూశారు. నేను పాస్‌బుక్కు చూపించాను. పోస్టాఫీసులో మనం వేసే సీనియర్ సిటిజన్స్ డబ్బు, సుకన్య సమృద్ధి, పీపీఎఫ్, కిసాన్ వికాస్ పత్రాలు, ఇవన్నీ జాతీయ చిన్నమొత్తాల పొదుపు నిధిలోకి వెళతాయి. అందులోంచి ప్రభుత్వం అప్పు తీసుకుంటుంది. ఇందాకటి 15,690 లోటులో దాదాపు 3,430 ఈ దారినే పూడుస్తామని ఆ బడ్జెట్‌లోనే రాశారు. మిగిలిన దాంట్లో పెద్ద ముక్క, 11,540, బాండ్లు అమ్మి తెచ్చేది. ఆ బాండ్లని రిజర్వ్ బ్యాంకు వేలం వేస్తుంది. కొనేది ఎవరు? ఎక్కువగా మన బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రావిడెంట్ ఫండ్లు. బ్యాంకులో మనం వేసిన డిపాజిట్లలో ఇంత భాగం ప్రభుత్వ బాండ్లలాంటి భద్రమైన వాటిలో పెట్టాలని నియమం ఉంది. ఆ భాగం ఇప్పుడు 18 శాతం. మా వారి పీఎఫ్, మనం కట్టే ఎల్ఐసీ ప్రీమియం కూడా చాలావరకు అటే వెళతాయి. కేంద్రం అప్పులో విదేశీ బాకీ చాలా చిన్న ముక్క. మిగిలిందంతా రూపాయల్లో, దేశం లోపల ఉన్నదే.

అంటే ప్రభుత్వం పుస్తకంలో అప్పు అని రాసి ఉన్నదే మన పుస్తకంలో పొదుపు అని రాసి ఉంటుంది. అత్తయ్యకి ఇచ్చే 20,500 ఆ వడ్డీ ఖర్చులో ఒక చుక్క. మెసేజ్‌లో చెప్పినట్టు ప్రభుత్వం రేపు పొద్దున్నే అప్పంతా తీర్చేస్తే, అత్తయ్య పది లక్షలు అత్తయ్య చేతిలో పెట్టి "ఇంక మా దగ్గర వేయకండమ్మా" అంటుంది. అప్పుడు ఆవిడ ఎక్కడ వేసుకోవాలి?

మన ఇంటి అప్పు అలా కాదు. మనం బ్యాంకులో ఇంటి లోను తీసుకుంటే వడ్డీ ఇల్లు దాటి బయటికి పోతుంది. మళ్ళీ మన గుమ్మం తొక్కదు. ప్రభుత్వం కట్టే వడ్డీలో ఎక్కువ భాగం దేశం అనే ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది. ఇది మొదటి తేడా.

ఇక్కడ ఒక మాట మాత్రం దాచకూడదు. ఏ గదిలోంచి ఏ గదిలోకి అన్నది చిన్న విషయం కాదు. వడ్డీ అందేది దాచుకోగలిగిన వాళ్ళకి. ఆ వడ్డీ కట్టడానికి పన్ను ఇచ్చేది అందరూ. మా పనిమనిషి కొనే సబ్బు మీద జీఎస్టీ కూడా అందులో ఉంటుంది. ఆమెకి ప్రభుత్వ బాండ్లూ లేవు, పోస్టాఫీసులో పది లక్షలూ లేవు. "మన అప్పు మనకే కదా, పర్వాలేదు" అనేవాళ్ళు ఈ సంగతి మింగేస్తారు. అదీ నాకు ఒప్పుదల కాదు.

రెండో తేడా గడువు. మా ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకు మేనేజరు మొదట అడిగింది మా వారి రిటైర్మెంటు తేదీ. అరవై దాటితే జీతం ఆగుతుంది, కాబట్టి ఆలోపు అసలుతో సహా తీరాలి. మనిషికి ముసలితనం ఉంది, చావు ఉంది. ప్రభుత్వానికి రిటైర్మెంటు లేదు. అందుకే పాత బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి ఆ బాకీ కడుతుంది. 2025-26లో మొత్తం 14,820 అంత బాండ్లు అమ్మాలనుకున్నారు, అందులో 3,280 పాత బాండ్ల అసలు తిరిగి ఇవ్వడానికే. మెసేజ్ దీన్నే "పాత అప్పు కోసం కొత్త అప్పు" అని గుండెలు బాదుకుంది. నిలకడగా ఉన్న ఏ దేశమైనా చేసేది ఇదే. చూడాల్సింది అప్పు సున్నా అయిందా అని కాదు. ఆదాయంతో పోలిస్తే అప్పు పెరుగుతోందా, తరుగుతోందా అని.

దీన్ని మన వెయ్యి రూపాయల లెక్కలోనే చూద్దాం. ఆ బడ్జెట్ వేసుకున్న లెక్క ప్రకారం దేశం మొత్తం ఏడాది ఆదాయం, జీడీపీ అంటారే అది, 3,57,000. కేంద్రం నెత్తిన ఉన్న మొత్తం అప్పు దాదాపు 2,00,000. అంటే ఆదాయంలో 56 శాతం. లోటు 15,690 కాబట్టి అది ఆదాయంలో 4.4 శాతం. టీవీలో "ద్రవ్యలోటు 4.4 శాతం" అని చదివేది ఇదే.

ఇప్పుడు వచ్చే ఏడు కూడా ఇంతే లోటు చేశారనుకోండి. అప్పు 2,15,690 అవుతుంది. పెరిగింది. కానీ ధరల పెరుగుదల కూడా కలుపుకుని దేశం ఆదాయం పది శాతం పెరిగి 3,92,700 అయిందనుకోండి. అప్పుడు అప్పు ఆదాయంలో దాదాపు 55 శాతం. అప్పు పెరిగింది, బరువు తగ్గింది! అదే ఆదాయం అయిదు శాతమే పెరిగి 3,74,850 దగ్గర ఆగితే? 57.5 శాతం. అదే లోటు, అదే అప్పు, కానీ బరువు పెరిగింది. కాబట్టి లోటు అంకె ఒక్కటే చూసి మంచో చెడో చెప్పలేం. పక్కన ఆదాయం ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చూడాలి.

ఇది మనకి తెలియని సూత్రం కాదు. మన పెళ్ళయిన కొత్తలో ఇంటి లోను వాయిదా జీతంలో సగం మింగేది. పదేళ్ళ తర్వాత అదే వాయిదా, జీతం పెరిగింది, నొప్పి తెలియదు. కాకపోతే మన జీతం పెరగడం మన చేతిలో లేదు. ప్రభుత్వం ఖర్చు పెట్టే తీరుని బట్టి దాని రాబడి కూడా మారుతుంది. అదే మూడో తేడా, అన్నిటికంటే పెద్దది.

2020 గుర్తుందా? లాక్‌డౌన్‌లో మనమందరం ఏం చేశాం? చేతులు ముడుచుకున్నాం. మా ఇంట్లో ఆ ఏడు కొత్త బట్టలు లేవు, బయట తిండి లేదు, పాడైన మిక్సీ కూడా బాగుచేయించి వాడాం. అది మంచి ఇల్లాలు చేసే పనే. మా వరకు బాగానే ఉంది. కానీ మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ వైపు నుంచి చూడండి. నేను పొదుపు చేసిన కుట్టుకూలీయే ఆవిడ పోగొట్టుకున్న సంపాదన. ఆవిడ కూరలు తగ్గించింది, కూరలబండి అతను పిల్లాడి ఫీజు కట్టలేదు. ఒకరి ఖర్చే ఇంకొకరి రాబడి. అందరూ ఒకేసారి పొదుపు చేస్తే అందరి రాబడీ ఒకేసారి పడిపోతుంది.

అలాంటప్పుడు ప్రభుత్వం కూడా "నేనూ మంచి ఇల్లాలినే" అని చేతులు ముడిస్తే ఏమయ్యేది? వ్యాపారం ఇంకా పడేది, పన్నులు ఇంకా తగ్గేవి, పొదుపు చేయబోయి లోటు పెంచుకునేది. మనం జాకెట్టు కుట్టించుకోకపోతే మా వారి జీతం తగ్గదు. ప్రభుత్వం ఖర్చు ఆపితే దాని సొంత రాబడే తగ్గుతుంది. ఆ 2020-21లో 7.96 లక్షల కోట్లు అనుకున్న లోటు చివరికి 18 లక్షల కోట్లు దాటింది, జీడీపీలో 9.2 శాతం. అందులో కొంత పన్నులు పడిపోవడం వల్ల, కొంత ఉచిత బియ్యం, ఉపాధి హామీ పనుల ఖర్చు వల్ల. మనిషికి నెలకి అయిదు కిలోల చొప్పున ఎనభై కోట్ల మందికి బియ్యమో గోధుమలో ఇచ్చింది ఆ లోటులోంచే. ఆ ఏడాది లోటు పెరగడం తప్పు అనేవాళ్ళు, ఆ బియ్యం ఎవరి పళ్ళెంలోంచి తీసేయాలో కూడా చెప్పాలి.

అయితే ప్రభుత్వం ఎంతైనా అప్పు చేసుకోవచ్చా? నోటు అచ్చేసేది వాళ్ళే కదా, ఇంక భయమేంటి? ఇలా వాదించే తెలివైనవాళ్ళు కూడా ఉన్నారు. మా మరిది ఒకడు. వాడికీ చెప్పాలి.

నోటు అచ్చేయగలిగితే రూపాయి బాకీ ఎగ్గొట్టాల్సిన అవసరం రాకపోవచ్చు. కానీ ఆ రూపాయితో ఏం దొరుకుతుందన్నది వేరే ప్రశ్న. ఊళ్ళో ఇటుకలు, సిమెంటు, మేస్త్రీలు అన్నీ ఇప్పటికే పనిలో ఉన్నప్పుడు ప్రభుత్వం ఇంకా డబ్బు కుమ్మరిస్తే, కొత్త ఇటుక పుట్టదు, ఉన్న ఇటుక ధర పెరుగుతుంది. అప్పు బయటికి దివాలాగా కనబడకుండా కందిపప్పు ధరలో కనబడుతుంది. అత్తయ్య వడ్డీ 20,500 అలాగే ఉంటుంది, దానికి వచ్చే మందులు తగ్గుతాయి. అందుకే 2003లో ద్రవ్య బాధ్యత చట్టం తెచ్చారు. 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లని రిజర్వ్ బ్యాంకు నేరుగా ప్రభుత్వం దగ్గర కొనడానికి మామూలుగా వీల్లేదు. ముందు బజారులో అమ్ముకోవాలి. బజారు నమ్మకపోతే వడ్డీ ఎక్కువ అడుగుతుంది. అది ఒక కళ్ళెం.

రెండో హద్దు డాలర్లు. మనం అచ్చేసేది రూపాయి, డాలరు కాదు. 1991లో దిగుమతులకి, విదేశీ బాకీలకి కట్టడానికి డాలర్లు చాలక, రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న బంగారంలో దాదాపు 47 టన్నులు ఇంగ్లండు, జపాను దేశాల కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి అప్పు తెచ్చారు. అది అచ్చంగా మన ఇంటి కథే. పరాయివాడి దగ్గర, మనం చేయలేని నాణెంలో బాకీ పడితే దేశమైనా గాజులు తీసి ఇవ్వాల్సిందే. 2022లో శ్రీలంక విదేశీ బాకీలు కట్టలేమని చేతులెత్తేసిందీ ఈ రకంగానే.

మూడో హద్దు మన రాష్ట్రాలు. ఆంధ్ర అయినా తెలంగాణ అయినా నోటు అచ్చేయలేవు. వాటి బాండ్లనీ రిజర్వ్ బ్యాంకే వేలం వేస్తుంది, చాలావరకు మంగళవారాల్లో. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం ఒప్పుకోవాలి. రాష్ట్రం సొంత ఆదాయంలో ఇంత శాతం, మామూలుగా మూడు, అని హద్దు గీస్తారు. కాబట్టి రాష్ట్రం బడ్జెట్ కేంద్రం కంటే మన ఇంటికి ఎక్కువ దగ్గర. మెసేజ్ రాసినాయన ఇల్లాలి పోలిక అక్కడ వాడి ఉంటే సగం ఒప్పుకునేదాన్ని.

ఇంకోటి. అంకెలో లేని అప్పు. కొందరు మగవాళ్ళు ఉంటారు, బంగారం భార్య పేరున తాకట్టు పెట్టించి, పొదుపు సంఘంలో ఆమె పేరున లోను తీయించి, "నాకు నయాపైసా అప్పు లేదు" అని మీసం తిప్పుతారు. ప్రభుత్వాలూ ఇది చేశాయి. కొన్నేళ్ళపాటు కేంద్రం, రేషను బియ్యం సబ్సిడీ డబ్బు పూర్తిగా ఇవ్వకుండా, ఫుడ్ కార్పొరేషన్ చేత చిన్నమొత్తాల నిధిలోంచి అప్పు చేయించింది. బాకీ ఫుడ్ కార్పొరేషన్ పుస్తకంలో ఉంటుంది కాబట్టి ద్రవ్యలోటులో కనబడదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ పద్ధతి ఆపి, పాత బాకీ లెక్కలోకి తెచ్చారు. ఆ ఏడాది లోటు అంత ఎక్కువ కనబడటానికి అదీ ఒక కారణం. రాష్ట్రాలు కూడా కార్పొరేషన్ల పేరున ఇలాగే తెచ్చుకున్నాయి. 2022-23 నుంచి అలాంటి అప్పుల్ని కేంద్రం రాష్ట్రం హద్దులో కలిపి లెక్కేస్తోంది. లోటు తక్కువగా ఉందని ఎవరైనా గొప్పగా చెబితే, బంగారం ఎవరి పేరున తాకట్టులో ఉందో అడగాలి.

ఇప్పుడు నా అసలు కోపానికి వస్తాను. "ప్రభుత్వం కూడా ఇల్లాలిలా పొదుపు చేయాలి" అనే మాట ఎప్పుడు వినబడుతుందో గమనించండి. వితంతు పింఛను పెంచమన్నప్పుడు. అంగన్‌వాడీ టీచర్లు జీతం అడిగినప్పుడు. కేంద్రం వాటాగా నలభై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ళ వితంతువుకి ఇచ్చేది నెలకి 300 రూపాయలు. వృద్ధులు, వితంతువులు, వికలాంగుల పింఛన్లు అన్నీ కలిసిన ఆ పథకం మొత్తానికి 2025-26లో కేటాయించింది 9,652 కోట్లు. మన వెయ్యి రూపాయల లెక్కలో, 50,650 ఖర్చు పెట్టే ఇంట్లో, అది 97 రూపాయలు కూడా లేదు.

అదే 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు, ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రభుత్వమే చెప్పింది. మన లెక్కలో 1,450 రూపాయలు. లోటు అంటే ఖర్చుకీ రాబడికీ తేడా అని మొదట్లో చెప్పుకున్నాం కదా. ఖర్చు పెంచినా, రాబడి వదులుకున్నా గొయ్యి ఒకేలా పెరుగుతుంది. ఆ తగ్గింపు మంచిదని వాదించేవాళ్ళు ఉండొచ్చు, పెట్టుబడులు వస్తాయని అన్నారు కూడా. కానీ ఆ రోజు "ఇల్లాలిని అడగండి" అని ఏ మెసేజూ మా గ్రూపులోకి రాలేదు. 97 రూపాయల దగ్గర గుర్తొచ్చే ఇల్లాలు 1,450 దగ్గర ఎందుకు గుర్తురాదు?

పైగా నిజంగా ఇల్లాలిని అడిగితే ఆమె "అప్పు వద్దు" అనదు. "దేనికి?" అంటుంది. పిల్ల చదువుకి అప్పు చేస్తాం, పక్కింటివాళ్ళకి దీటుగా పెళ్ళి చేయడానికి చేస్తే తిడతాం. ఈ ప్రశ్నకి బడ్జెట్ పుస్తకంలో జవాబు ఉంది. దాని పేరు రెవెన్యూ లోటు. జీతాలు, వడ్డీలు, సబ్సిడీల్లాంటి రోజువారీ ఖర్చుకి రోజువారీ రాబడి చాలక పడే గొయ్యి అది. 2025-26లో మన లెక్కలో 5,240. అంటే మొత్తం అప్పులో మూడోవంతు రోజు గడవడానికే పోతోంది. మిగిలిన రెండు వంతులే రోడ్లు, రైలు మార్గాలు లాంటి మిగిలే వాటికి. వందకి ముప్పై ఆరు వడ్డీకి పోవడం, అప్పులో మూడోవంతు కరిగిపోవడం, ఈ రెండూ నన్ను నిజంగా భయపెట్టే అంకెలు. "దివాలా" అని అరిచే మెసేజ్‌లో ఈ రెంటి మాటే లేదు. వడ్డీకి పోయే ప్రతి రూపాయీ బడికీ ఆసుపత్రికీ రాని రూపాయి. ప్రమాదం అక్కడుంది.

కాబట్టి ఈసారి మీ గ్రూపులో ఇలాంటి మెసేజ్ వస్తే పంపినాయన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. అప్పు రూపాయల్లోనా, డాలర్లలోనా? దేశం ఆదాయంతో పోలిస్తే బరువు పెరుగుతోందా, తగ్గుతోందా? తెచ్చింది తినడానికా, కట్టడానికా? ఇంకెవరి పేరున అయినా దాచారా? ఈ నాలుగూ అడగకుండా చెప్పే దివాలా కబురు దేనికీ పనికిరాదు.

అత్తయ్య అంతా విని, కాసేపు పాస్‌బుక్కు తిరగేసి, "అయితే గవర్నమెంటు నాకు బాకీ అన్నమాట" అన్నారు.

"అవునత్తయ్యా. దానికి ఎంత కావాలంటే అంత ఒక్క మీ దగ్గరే ఉండదు కానీ, మీకూ బాకీయే."

"మరి బాకీ ఉన్నవాడు నా డబ్బులు దేనికి తగలేస్తున్నాడో నేను అడగక్కర్లేదూ?"

సంచీ తీసి మేకుకి తగిలించారు. ఆటో పిలవలేదు. మధ్యాహ్నం వాళ్ళ తమ్ముడికి తనే ఫోను చేసి, నెలకి 300 రూపాయల సంగతి మొదలుపెట్టి అరగంట వాయించారు.